వరికోత మిషన్ సెట్టింగుల పుస్తకాన్ని తెలుగులోకి ఎలా తేవాలి: ఒక్క వరుసతో మొదలుపెట్టండి

కోత మిషన్‌తో వచ్చే ఇంగ్లిషు పుస్తకం చివర ఒక పట్టిక ఉంటుంది. అందులో మొదటి గడిలో ఇబ్బంది, రెండో గడిలో కారణం, మూడో గడిలో చేయవలసిన పని ఉంటాయి. పుస్తకం మొత్తాన్ని మొదటి పేజీ నుంచి అనువదించాలని కూర్చునేవారు ఆ పట్టిక దగ్గరికి వచ్చేసరికి అలసిపోతారు. కోతల కాలంలో డ్రైవరుకు అక్కరకొచ్చేది మాత్రం అదే. అందువల్ల మీరు పట్టికతోనే మొదలుపెట్టండి. అందులోనూ మా వైపు ఎక్కువ గొడవకు కారణమయ్యే ఒక్క వరుసను ముందు తీసుకోండి. జల్లెడ మీది నుంచి గింజ వెనకకు పోతుంటే ఏం చేయాలో చెప్పే వరుస అది. ఆ ఒక్క వరుసను సరిగ్గా తేగలిగితే మిగతా పట్టికను ఎలా రాయాలో దానంతట అదే తెలిసి వస్తుంది.

నేను మొదటిసారి ఈ వరుసను రాసినప్పుడు చేసిన తప్పును ముందే చెప్పడం మంచిది. ఇంగ్లిషులో ఫ్యాన్ స్పీడు తగ్గించమని ఉంది. నేను “ఫ్యాన్ వేగాన్ని తగ్గించండి” అని రాశాను. వ్యాకరణం పరంగా అందులో దోషం లేదు. నర్సంపేట దగ్గర ఒక పొలంలో ఆ కాగితం చదివిన డ్రైవరు ఇంజన్ వేగం తగ్గించి బండి నడిపాడు. కాసేపటికి కంకులకు గింజ అలాగే అంటుకొని గడ్డితో పాటు వెనక పడసాగింది. ఎందుకిలా చేశావని అడిగితే “ఫ్యాన్ తగ్గించుమని రాసిండ్రు గదా సార్, రేస్ తగ్గించిన” అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఫ్యాన్ అంటే అతనికి తెలిసింది రేడియేటర్ దగ్గర తిరిగే ఫ్యాన్. అది ఇంజన్‌తోనే తిరుగుతుంది కాబట్టి రేస్ తగ్గించడం తప్ప దాన్ని తగ్గించే దారి అతనికి కనిపించలేదు. పుస్తకం చెప్పిన ఫ్యాన్ మాత్రం జల్లెడ కింది నుంచి గాలి కొట్టే బ్లోయర్. రేస్ తగ్గగానే ఆ బ్లోయర్‌తో పాటు గింజ రాల్చే డ్రమ్ము, జల్లెడలు, ఎలివేటర్ అన్నీ నెమ్మదించాయి. డ్రమ్ము నెమ్మదించడంతో గింజ రాలలేదు. ఒక ఇబ్బంది తీర్చబోయి నా వాక్యం మరొకటి తెచ్చిపెట్టింది.

మొదట చేయవలసిన పని: బండి దగ్గర పేర్లు రాసుకోవడం

కాబట్టి నిఘంటువు తెరవడానికి ముందు బండి దగ్గరికి వెళ్లండి. వానాకాలం కోతలు ముగిసి యాసంగి కోతలు మొదలయ్యే లోపు బండ్లు చాలావరకు షెడ్లలో ఉంటాయి. అప్పుడు డ్రైవరుకు, మెకానిక్‌కు తీరిక ఉంటుంది. పుస్తకంలోని బొమ్మలను ఒక్కొక్కటిగా చూపించి, ఆ భాగాన్ని వారు ఏమని పిలుస్తారో అడిగి రాసుకోండి. ఒక భాగానికి ఒకే పేరు పెట్టి, పుస్తకం చివరి దాకా అదే పేరు వాడండి. ఒక పేజీలో బ్లోయర్ అని, మరో పేజీలో పంకా అని, ఇంకో చోట గాలిమర అని రాస్తే చదివేవాడు మూడు వేర్వేరు భాగాలు ఉన్నాయనుకుంటాడు. కథ రాసేటప్పుడు మాట మార్చడం అందం కావచ్చు కాని, ఇక్కడ అది ప్రమాదం.

అక్కడి నోటిలో ఉన్న ఇంగ్లిషు మాటలను తెలుగు చేయాలని పట్టుబట్టవద్దు. డ్రమ్ము, బ్లోయర్, రీలు, ఎలివేటర్, కట్టర్ బార్ అనేవి పరకాలలోనైనా మహబూబాబాద్‌లోనైనా ఇప్పుడు తెలుగు మాటలే. నిజంగా ఆలోచించవలసినవి వేరే ఉన్నాయి. జల్లెడలు, వాటి కింది పళ్లాలు అమర్చిన పెట్టెను ఇంగ్లిషు పుస్తకం షూ అంటుంది. దాన్ని షూ అని రాస్తే ఎవరికీ తెలియదు. “జల్లెడ పెట్టె” అంటే చూడగానే తెలుస్తుంది. గ్రౌండ్ స్పీడ్ అనేది నేల వేగం కాదు, బండి నడక. టఫ్ స్ట్రా అని ఉన్నచోట గట్టి గడ్డి అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. మంచుకు తడిసో, పచ్చిగా ఉండో తెగకుండా సాగే గడ్డి అని దాని భావం. ఉదయం మంచు ఆరకముందే కోతకు దిగిన డ్రైవరుకు అది బాగా తెలిసిన సంగతే కాబట్టి “పదునెక్కి సాగే గడ్డి” అని రాయండి.

అన్నింటికన్నా మోసం చేసేది కాన్‌కేవ్. డ్రమ్ము కింద ఒంపుగా ఉండే ఈ జాలికీ డ్రమ్ముకూ మధ్య ఉన్న సందులోనే గింజ రాలుతుంది. పుస్తకం ఒకచోట కాన్‌కేవ్‌ను పైకి లేపమంటుంది, మరొకచోట సందు పెంచమంటుంది. జాలి డ్రమ్ముకు కింద ఉంటుంది కాబట్టి లేపితే సందు తగ్గుతుంది, దించితే పెరుగుతుంది. తొందరలో చదివేవాడికి లేపడం, పెంచడం ఒకటే అనిపిస్తాయి. అందుకని లేపడం, దించడం అనే మాటలను పూర్తిగా వదిలి, అన్నిచోట్లా “సందు పెంచండి”, “సందు తగ్గించండి” అనే రెండు మాటలతోనే సరిపెట్టండి. దానికి ముందు వైపు, వెనక వైపు అని ఉన్నచోట “పంట లోపలికి వచ్చే వైపు”, “గడ్డి బయటికి పోయే వైపు” అని రాయండి, ఎందుకంటే లోపలికి వచ్చే వైపు సందు ఎక్కువగా, పోయే వైపు తక్కువగా ఉండాలి. అది తారుమారైతే పంట డ్రమ్ము దగ్గరే ముద్దకడుతుంది.

సందును పుస్తకం మిల్లీమీటర్లలో చెబుతుంది. ఆ అంకెలను అలాగే ఉంచి, కొలిచే ఉపాయాన్ని ఒక వాక్యంలో జోడించండి. ఇళ్ల కప్పులకు వాడే 8, 10, 12 మిల్లీమీటర్ల సలాకలను చూడని డ్రైవరు ఉండడు. ఇంజన్ బంద్ చేసి, తాళం చెవి జేబులో వేసుకొని, సలాక ముక్కను సందులో పెట్టి చూడమనండి. సలాక మీద గీట్లు ఉంటాయి కాబట్టి కొలత కొద్దిగా ఎక్కువ వస్తుందని కూడా రాయండి. నున్నని కడ్డీ దొరికితే అది ఇంకా నయం.

గింజ అంటే ఏ గింజ?

ఇప్పుడు మన వరుసకు వద్దాం. గ్రెయిన్ లాస్ అని ఇంగ్లిషులో రెండు మాటలే ఉంటాయి. మీరు గింజ నష్టం అని రాస్తే రైతు, డ్రైవరు దానికి చెరొక అర్థం చెప్పుకుంటారు. పుస్తకం దృష్టిలో నష్టమంటే గట్టి గింజ పోవడమే. బండి వెనక రాలిన తాలును అది నష్టంగా లెక్కించదు, పైగా ఆ తాలును బయటికి నెట్టడమే బ్లోయర్ పని. పొలం గెట్టు మీద నిలబడిన రైతుకు మాత్రం బండి వెనక పచ్చగా కనిపించేదంతా వడ్లే. “గాలి తగ్గియ్యి అన్నా, వడ్లన్నీ పోతున్నయ్” అని కేక వేస్తాడు. డ్రైవరు తగ్గిస్తాడు. తాలు ట్యాంకులోకి, అక్కడి నుంచి కల్లంలోకి, కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి చేరి, తూకంలో తరుగు అయి కూర్చుంటుంది. అందువల్ల ఈ వరుసలో ప్రతిచోటా ఉత్త “గింజ” అని కాక “గట్టి గింజ” అని రాయండి. వెనక పడినవాటిని పది ఏరి, గోటితో నొక్కి చూడమని కూడా చెప్పండి.

అలాగే ఇంగ్లిషు చాఫ్‌ను ఊక అని తెలుగు చేయవద్దు. మనకు ఊక రైస్ మిల్లులో వస్తుంది, కోత మిషన్‌లో కాదు. చాఫ్ అన్నచోట సందర్భాన్ని బట్టి తాలు, పొట్టు, గడ్డిముక్కలు అని విడదీసి రాయవలసిందే.

నష్టం ఎక్కడ జరుగుతున్నదో కూడా ఇంగ్లిషు వేర్వేరు మాటలతో చెబుతుంది. కట్టర్ దగ్గర రాలిన గింజ, డ్రమ్ములో రాలక కంకికే మిగిలిన గింజ, గడ్డి కదిలే స్ట్రా వాకర్ల మీది నుంచి గడ్డిలో కలిసి పోయిన గింజ, జల్లెడ మీది నుంచి పోయిన గింజ అని మొత్తం నాలుగు దారులున్నాయి. నాలుగింటికీ “గింజ పోతున్నది” అని ఒకే మాట వాడితే, కట్టర్ దగ్గర రాలుతున్నందుకు కూడా డ్రైవరు బ్లోయర్ మీదే చేయి వేస్తాడు. కాబట్టి ప్రతి వరుస ఆ గింజ ఎక్కడ కనిపిస్తుందో చెప్పే మాటతోనే మొదలుకావాలి.

ఒకే ఇబ్బంది, రెండు ఎదురెదురు కారణాలు

జల్లెడ మీది నుంచి గట్టి గింజ పోతున్నదంటే గాలి ఎక్కువైందని అందరూ అనుకుంటారు. నిజానికి గాలి చాలకపోయినా అదే జరుగుతుంది. జల్లెడ మీద పొట్టు, గడ్డిముక్కలు పరుపులా పేరుకుంటాయి. ఆ పరుపును కింది నుంచి గాలి లేపి వదులు చేస్తేనే గింజ దాని మధ్యలోంచి జారి జల్లెడ రంధ్రాల్లో పడుతుంది. గాలి తక్కువైతే పరుపు లేవదు, గింజ దాని మీద సవారీ చేస్తూ వెనకకు పోతుంది. అప్పుడు గాలి ఇంకా తగ్గిస్తే నష్టం ఇంకా పెరుగుతుంది. పుస్తకం రెండు కారణాలనూ రాసి, పరిష్కారాలను పక్కపక్క గడుల్లో పెడుతుంది. అనువాదంలో వాటిని ఉన్నవి ఉన్నట్టు దించితే “గాలి తగ్గించండి, గాలి పెంచండి” అని ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. చదివినవాడు నవ్వుకొని కాగితం పక్కన పెడతాడు.

రెండింటినీ వేరు చేసే గుర్తును వాక్యం మొదట్లోకి తేవడమే ఇక్కడ అనువాదకుని పని. ఆ గుర్తు ట్యాంకులో దొరుకుతుంది. నేను చివరికి నిలిపిన రూపం ఇది:

“గట్టి గింజ జల్లెడ మీది నుంచి వెనకకు పోతున్నది. ముందు ట్యాంకులోని వడ్లను దోసిట్లోకి తీసుకొని చూడండి. వడ్లు శుభ్రంగా ఉండి, వెనక గట్టి గింజ విడివిడిగా పడుతుంటే గాలి ఎక్కువైంది. బ్లోయర్ గాలి మూతను ఒక గాడి మూయండి. రేస్ తగ్గించకండి. వడ్లలో తాలు, గడ్డిముక్కలు ఉండి, వెనక గింజ పొట్టుతో కలిసి కుప్పలుగా పడుతుంటే గాలి చాలలేదు. మూతను ఒక గాడి తెరవండి. ఏది మార్చినా పది బారల దూరం కోసి, మళ్లీ చూసి, ఆ తరువాతే రెండోసారి మార్చండి. గాలి సరిపోయినా గింజ పోతుంటే జల్లెడ మీద బరువు ఎక్కువైంది. రేస్ అలాగే ఉంచి, బండి నడక తగ్గించండి.”

ఇందులో మూడు చోట్ల నేను మూలాన్ని దాటాను. అలా ఎందుకు దాటానో చెప్పాలి. మూలంలో కొద్దిగా అనే అర్థం వచ్చే మాట ఉన్నది, దాని బదులు ఒక గాడి అని రాశాను. కొద్దిగా అంటే ఒకడికి వేలెడు, మరొకడికి బెత్తెడు. మీరు అనువదిస్తున్న బండి మీద గాళ్లు ఉన్నాయో, రంధ్రాలు ఉన్నాయో, తిప్పే చక్రం ఉన్నదో చూసి ఆ మాటే వాడండి. కొన్ని బండ్లలో గాలిని మూతతో కాక పుల్లీ మార్చి తగ్గిస్తారు, అప్పుడు ఈ వాక్యాలు ఆ బండికి తగ్గట్టు మారాలి. రేస్ తగ్గించకండి అనేది మూలంలో ఆ వరుసలో లేదు. పుస్తకం మొదట్లో ఎక్కడో, కోత జరిగినంతసేపు ఇంజన్ నిర్ణయించిన ఆర్‌పీఎంలోనే ఉండాలని ఒక్కసారి చెప్పి వదిలేశారు. డీజిల్ మిగులుతుందని రేస్ తగ్గించే అలవాటు ఇక్కడ ఉన్నది కాబట్టి దాన్ని ఈ వరుసలోకి తెచ్చాను. పది బారలు అన్నది నా ఊహే. మార్పు ఫలితం వెనక కనిపించడానికి బండి కొంతదూరం నిండు పంటను మింగాలి, అంతే దాని ఉద్దేశం.

ఇదే వరుస పక్కన మరొక చిన్న సంగతిని వదలకండి. తాలు, గడ్డిముక్కలు ఎక్కువగా వస్తున్నప్పుడు తప్పంతా బ్లోయర్‌దే కాకపోవచ్చు. డ్రమ్ము వేగం ఎక్కువై, సందు తక్కువై ఉంటే గడ్డి నలిగి ముక్కలై జల్లెడ మీద పడుతుంది, ఎంత గాలి పెట్టినా చాలదు. ట్యాంకులో పొట్టు ఊడిన బియ్యపు గింజలు, నూకలు కూడా కనిపించడం దీనికి గుర్తు. యాసంగిలో ఎండకు గింజ ముందే పగుళ్లు పట్టి ఉంటుంది కాబట్టి ఈ వాక్యాన్ని మా వైపు పుస్తకంలో కాస్త పెద్ద అక్షరాల్లో వేయడం మంచిది.

గోధుమ లెక్కను వరికి దించవద్దు

కొన్ని ఇంగ్లిషు పుస్తకాలు నష్టాన్ని కొలవడానికి ఒక చిటికె లెక్క ఇస్తాయి. చదరపు అడుగుకు దాదాపు 20 గోధుమ గింజలు పడితే ఎకరానికి ఒక బుషెల్ పోయినట్టని చెబుతాయి. బుషెల్‌ను కిలోల్లోకి మార్చి పని అయిపోయిందనుకుంటే పొరపాటే. గింజ బరువు మారితే లెక్క మొత్తం మారుతుంది. దీన్ని అనువదించకుండా వరికి కొత్తగా లెక్క కట్టి రాయండి.

ఆ లెక్క ఇలా సాగుతుంది. ఎంటీయూ 1010 లాంటి దొడ్డు రకంలో వెయ్యి గింజలు సుమారు 24 గ్రాములు తూగుతాయి. చదరపు మీటరులో 100 గట్టి గింజలు పడ్డాయంటే 2.4 గ్రాములు పోయినట్టు. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి అది ఎకరానికి దాదాపు 10 కిలోలు. బీపీటీ 5204 లాంటి సన్న రకంలో వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములే కాబట్టి అవే 100 గింజలకు దాదాపు 6 కిలోలు.

అయితే ఎక్కడ లెక్కపెట్టాలన్నది చెప్పకపోతే ఈ అంకెలు భయపెట్టడానికే పనికొస్తాయి. ఉదాహరణకు కట్టర్ వెడల్పు 4.2 మీటర్లు, వెనక గడ్డి పడే పట్టీ వెడల్పు 1.4 మీటర్లు అనుకోండి. 4.2 మీటర్లలోని గింజ 1.4 మీటర్లలో పడుతున్నది, అంటే మూడింతలు చిక్కగా కనిపిస్తుంది. ఆ పట్టీలో గడ్డిని దులిపి, సుతిలిని ఒక చదరపు మీటరు చతురస్రంగా పరచి లెక్కపెడితే 330 గట్టి గింజలు వచ్చాయనుకోండి. బండిని ఆపి కొంత వెనకకు తీసి, కట్టర్ కోసి వెళ్లినా గడ్డి ఇంకా పడని చోట అంతే కొలతలో చూస్తే 30 గింజలు ఉన్నాయి. అవి ముందే చేనులో రాలినవో, కట్టర్ దగ్గర రాలినవో అయి ఉంటాయి కాబట్టి తీసేయండి. మిగిలిన 300ను మూడుతో భాగిస్తే 100. దొడ్డు రకమైతే ఎకరానికి 10 కిలోలు. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు కాబట్టి, దాని విలువ 240 రూపాయల లోపే.

బండిని అద్దెకు తీసుకునే రైతు కోసం ఈ లెక్కను తప్పక వేయండి. ఎకరానికి 24 క్వింటాళ్ల దిగుబడి అనుకుంటే 40 కిలోల సంచులు 60 అవుతాయి. తాలు ఉందని సంచికి ఒక్క కిలో తరుగు తీసినా 60 కిలోలు పోతాయి. 10 కిలోలు కాపాడబోయి 60 పోగొట్టుకునే బేరాన్ని గెట్టు మీద నిలబడి అడుగుతున్నామని అంకెలు చూస్తే తప్ప నమ్మకం కలగదు. నాకూ కలగలేదు.

హెచ్చరికలు ఎక్కడ పెట్టాలి

ఇంగ్లిషు పుస్తకాల్లో డేంజర్, వార్నింగ్, కాషన్ అనే మూడు మాటలకు మూడు తూకాలున్నాయి. మొదటిది ప్రాణం పోవడం లేదా పెద్ద దెబ్బ తగలడం ఖాయమని, రెండోది అలా జరగవచ్చని, మూడోది చిన్న దెబ్బ తగలవచ్చని చెబుతాయి. వరుసగా ప్రమాదం, హెచ్చరిక, జాగ్రత్త అని పెట్టుకొని, ఒకదాని బదులు మరొకటి వాడకండి. పని చెప్పిన తరువాత కాక, చెప్పడానికి ముందే ఆ మాట ఉండాలి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి “ఇంజన్ ఆపిన తరువాత ముద్దకట్టిన గడ్డిని తీయండి” అని రాస్తే కంటికి గడ్డిని తీయండి అన్నదే నిలుస్తుంది. రెండు వాక్యాలు చేయండి: “ఇంజన్ బంద్ చేసి తాళం చెవి తీయండి. అన్నీ తిరగడం ఆగిన తరువాత గడ్డిని తీయండి.”

ఒక మెలిక ఉంది. వేరియేటర్ పుల్లీతో వేగం మార్చే బండ్లలో ఆ మార్పును పుల్లీ తిరుగుతున్నప్పుడే, సీటు దగ్గరి చక్రంతోనో లివరుతోనో చేయాలని పుస్తకం చెబుతుంది. భద్రత కోసమని అన్నిచోట్లా ఇంజన్ బంద్ అని చేర్చుకుంటూ పోతే ఇక్కడ తప్పు చెప్పినట్టవుతుంది. ఎడమ, కుడి అన్నవి డ్రైవరు సీట్లో కూర్చొని ముందుకు చూస్తున్నప్పటివని మొదటి పేజీలో ఒకసారి రాస్తే చాలు.

చదివించి చూడడం

రాయడం పూర్తయ్యాక, రాసేటప్పుడు మీకు సాయం చేయని ఒక డ్రైవరుకు ఆ వరుసను చదివి వినిపించండి. అర్థమైందా అని అడగవద్దు, మర్యాదకు అవుననే అంటాడు. కాగితం మీ దగ్గరే ఉంచుకొని, బండి దగ్గర నిలబడి ఇప్పుడు ఏం చేస్తావో చూపించమనండి. అతని చేయి ఏ లివరు మీదికి పోతుందో, ఏ వైపు తిప్పుతుందో చూడండి. చేయి తడబడినచోట తప్పు మీ వాక్యంలో ఉంటుంది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చి తెలుగు చదవలేని డ్రైవర్ల కోసం, అద్దెకు తీసుకున్న రైతే పక్కన నిలబడి చదివి చెప్పేలా వాక్యాలు చిన్నవిగా ఉండాలి. పుస్తకమంతా కాకపోయినా, సీటు పక్కన తగిలించే కాగితం మాత్రం అలా ఉండాలి.

రైతుకు వేరే అర పేజీ చాలు. అతనికి కాన్‌కేవ్ సందు అవసరం లేదు. మొదటి ట్యాంకు నిండక ముందే బండి ఆపించి, దోసెడు వడ్లు చూడడం, వెనక పట్టీలో గోటితో నొక్కి లెక్కపెట్టడం, గంటల లెక్కన అద్దె కడుతున్నా సరే బండిని తొందరపెట్టకపోవడం, గాలి తగ్గించమని అడిగేముందు ట్యాంకు చూడడం, ఈ నాలుగు రాయండి. వాటి కింద గట్టి గింజల లెక్క వేసుకోవడానికి ఖాళీ గళ్లు వదలండి: పట్టీలో ఎన్ని, గడ్డి పడని చోట ఎన్ని, కట్టర్ వెడల్పు, పట్టీ వెడల్పు, వడ్ల రకం. కాగితానికి ప్లాస్టిక్ అతికించేటప్పుడు ఆ గళ్లున్న భాగాన్ని మాత్రం వదిలేయండి, ప్లాస్టిక్ మీద పెన్ను రాయదు.